షార్ట్ సెల్లింగ్: తిరిగివ్వాల్సింది డబ్బు కాదు, షేర్లు

ప్రశ్న: "హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. షేర్లు కొని పెట్టుకోవడం వరకే తెలుసు. మన దగ్గర లేని షేరుని ముందే ఎలా అమ్ముతారు, అప్పు షేర్లు ఎవరిస్తారు? కొన్నవాడికి పెట్టిన డబ్బే పోతుంది గానీ షార్ట్ చేసినవాడి నష్టానికి హద్దు లేదంటారు, ఎందుకని? షార్ట్ స్క్వీజ్‌లో నష్టపోతున్నవాళ్ళు ఇంకా ఎక్కువ రేటుకి ఎందుకు కొంటారు, ఊరుకోవచ్చు కదా? ఇది మన మార్కెట్లో కూడా జరుగుతుందా సార్?"

సమాధానం:

ఊరుకోవడం కుదరదండి. షార్ట్ చేసినవాడు బాకీ పడేది షేర్లలో. ఐదు వందల షేర్లు తెచ్చి అమ్మితే ఐదు వందల షేర్లే తిరిగి అప్పజెప్పాలి, ఆ రోజు ఏ రేటుకి దొరికితే ఆ రేటుకి కొని మరీ. రేటు ఎంతవరకు ఎక్కుతుందో దానికి హద్దు లేదు, అందుకే నష్టానికీ హద్దు లేదు. ఇక ఎప్పుడు కొనాలన్నది కూడా ఒక దశ దాటాక అతని ఇష్టం మీద ఉండదు. బ్రోకరో, లావాదేవీలు తేల్చే క్లియరింగ్ కార్పొరేషనో అతని తరఫున కొనేస్తారు. మన దగ్గరా జరుగుతుంది. ఎక్కువగా చిన్న షేర్లలో, అప్పర్ సర్క్యూట్ వేషంలో, అంటే రేటు ఆ రోజుకి అనుమతించిన పై హద్దుని తాకినప్పుడు వస్తుంది.

మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డ బేరం మీద పెట్టి చూద్దాం. ఒక దుకాణందారు దగ్గర సరుకు లేదు. వారంలో మహారాష్ట్ర నుంచి లారీలు దిగుతాయి, రేటు పడుతుందని అతని లెక్క. పక్క దుకాణం నుంచి వంద బస్తాలు బదులు తెచ్చి, బస్తా 1,500 చొప్పున ఇవాళే అమ్మేశాడు. గల్లాలో లక్షన్నర పడింది. అనుకున్నట్టే రేటు 1,200కి దిగితే 1,20,000 పెట్టి వంద బస్తాలు కొని పక్కవాడి గోదాములో వేస్తాడు, 30,000 మిగులుతుంది. వానలకి లారీలు ఆగిపోయి రేటు 2,400 అయిందనుకోండి. పక్కవాడు "నా లక్షన్నర ఇవ్వు" అనడు, "నా వంద బస్తాలు పెట్టు" అంటాడు. 2,40,000 పెట్టి కొనాలి. 90,000 జేబులోంచి పోయింది. అదే వారం ఇంకో నాలుగు దుకాణాలవాళ్ళు కూడా ఇలాగే బదులు తెచ్చి అమ్ముకుని ఉంటే, ఉన్న కొద్ది బస్తాల కోసం అందరూ ఒకేసారి ఎగబడతారు. షార్ట్ స్క్వీజ్ అంటే అదే.

అప్పు షేర్లు ఎక్కడి నుంచి వస్తాయి

మన మార్కెట్లో షార్ట్ చేయడానికి మూడు దారులున్నాయి. అప్పు షేర్లు నిజంగా చేతులు మారేది ఒక్క దాంట్లోనే.

మొదటిది ఇంట్రాడే. పొద్దున అమ్మి, అదే రోజు మార్కెట్ మూసేలోపు కొనేయడం. ఇందులో ఎవరూ ఎవరికీ షేర్లు అప్పివ్వరు. రోజు చివర మీ అమ్మకం, కొనుగోలు ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి, క్లియరింగ్‌కి మీరు ఇవ్వాల్సిన షేర్లు సున్నా అవుతాయి. మిగిలేది లాభనష్టాల తేడా డబ్బు మాత్రమే. సాయంత్రానికి సున్నా కాలేదంటే మర్నాడు షేర్లు అప్పజెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు మన సెటిల్‌మెంట్ టీ ప్లస్ వన్. అక్కడేం జరుగుతుందో కింద విడిగా చెప్తాను. ఎక్కువమంది చిక్కుకునేది అక్కడే.

రెండోది ఫ్యూచర్స్ అమ్మడం. ఇందులోనూ అప్పు లేదు. ఫలానా ఎక్స్‌పైరీ రోజున, అంటే గడువు తీరే రోజున, ఈ రేటుకి ఇస్తానని ఒప్పందం. కానీ 2019 అక్టోబరు నుంచి మన స్టాక్ ఫ్యూచర్స్ అన్నీ డెలివరీతోనే ముగుస్తున్నాయి. ఎక్స్‌పైరీ దాకా అమ్మకం పొజిషన్ అలాగే ఉంచితే షేర్లు నిజంగా ఇవ్వాలి. బాకీ ఎగిరిపోలేదు, తేదీ జరిగిందంతే.

మూడోది అసలైన అప్పు, ఎస్‌ఎల్‌బీ. అంటే సెక్యూరిటీస్ లెండింగ్ అండ్ బారోయింగ్. సెబీ అనుమతితో 2008 ఏప్రిల్‌లో మొదలైంది. డీమ్యాట్‌లో ఏళ్ళ తరబడి షేర్లు ఊరికే పడున్నవాళ్ళు, పెద్ద సంస్థలు వాటిని అద్దెకిస్తారు. మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ పూచీ ఉంటుంది కాబట్టి ఇచ్చినవాడికి తీసుకున్నవాడి ముఖం తెలియాల్సిన పని లేదు. గడువు గరిష్ఠంగా 12 నెలలు. అద్దె షేరుకి ఇన్ని రూపాయలని పలుకుతుంది. ఉదాహరణకి 500 రూపాయల షేరుకి నెలకి 2.50 అద్దె అనుకుందాం. 500 షేర్లు తెస్తే నెలకి 1,250. చూడ్డానికి చిన్నదే, కానీ ఏడాదికి 6 శాతం లెక్క. ఆ నెలలో కంపెనీ షేరుకి 8 రూపాయల డివిడెండ్ ఇస్తే ఆ 4,000 కూడా మీరే కట్టాలి. షేరు మీరు అమ్మేశారు, డివిడెండ్ కొనుక్కున్నవాడికి వెళ్ళిపోయింది. అప్పిచ్చినవాడు కూడా తన డివిడెండ్ పోగొట్టుకోకూడదు కదా, అందుకని ఆ భారం మధ్యలో ఉన్న మీ మీద పడుతుంది. కొత్తగా షార్ట్ చేసేవాళ్ళు ఈ లెక్క వేయడం మర్చిపోతుంటారు.

నిజం చెప్పాలంటే ఎస్‌ఎల్‌బీ మన దగ్గర పల్చటి బజారు. జాబితాలో షేర్లున్నా, మీకు కావాల్సిన షేరు కావాల్సినప్పుడు అద్దెకి దొరకడం తక్కువ. చాలామంది బ్రోకర్లు చిన్న ఖాతాలకి ఈ సౌకర్యం నేరుగా ఇవ్వరు కూడా. అప్పు తేకుండా, తెచ్చే ఏర్పాటు లేకుండా అమ్మేసి డెలివరీ ఎగ్గొట్టడాన్ని నేకెడ్ షార్ట్ అంటారు. సెబీ నిబంధనల ప్రకారం అది కూడదు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ మార్జిన్ ఖాతాల్లో ఉన్న ఖాతాదారుల షేర్లని బ్రోకరే అప్పివ్వగలడు. కాబట్టి అమ్మి నెలల తరబడి ఉంచుకోవడం అక్కడ మామూలు విషయం. వార్తల్లో వచ్చే పెద్ద స్క్వీజ్‌లు ఎక్కువగా అక్కడివే కావడానికి ఇదొక కారణం.

హద్దు లేని నష్టం

400 రూపాయల షేరు, 250 షేర్లు. మొత్తం లక్ష. కొన్నవాడికి మహా అయితే ఆ లక్ష పోతుంది, రేటు సున్నా కంటే కిందికి పోదు కాబట్టి. షార్ట్ చేసినవాడికి మహా అయితే లక్ష వస్తుంది, అదీ కంపెనీ పూర్తిగా మునిగితేనే. రేటు 800 అయితే అతనికి లక్ష పోయినట్టు. 2,000 అయితే నాలుగు లక్షలు. ఇంతవరకు అందరూ చెప్పేదే.

దీనికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. షార్ట్‌లో నష్టం వచ్చేకొద్దీ పొజిషన్ లావెక్కుతుంది. కొన్నవాడి షేరు 400 నుంచి 200కి పడితే అతని చేతిలో మిగిలిన సరుకు 50,000 విలువే. ఆ తర్వాత ఇంకో పది శాతం పడితే పోయేది 5,000. దెబ్బ తగిలేకొద్దీ తర్వాతి దెబ్బ చిన్నదవుతుంది. షార్ట్‌లో తిరగబడుతుంది. 400 నుంచి 800కి ఎక్కితే మీ బాకీ రెండు లక్షల విలువైంది. ఇంకో పది శాతం ఎక్కితే ఈసారి పోయేది 20,000. అంటే మీ అంచనా ఎంత తప్పితే మీ పందెం అంత పెద్దదవుతుంది, మీరు కొత్తగా ఒక్క షేరు అమ్మకపోయినా. "కొన్నాళ్ళు ఓపిక పడదాం" అన్న మాట కొన్నవాడికి సరిపోవచ్చు గానీ షార్ట్‌కి సరిపోనిది ఇందుకే.

ఫలానా రేటు దాటితే దానంతటదే కొనేసేలా ముందే స్టాప్‌లాస్ ఆర్డర్ పెడితే హద్దు వచ్చినట్టే కదా అంటారు. మార్కెట్ నడుస్తున్నంతసేపు, అమ్మేవాళ్ళు ఉన్నంతసేపు పనిచేస్తుంది. రాత్రి ఏదో వార్త వచ్చి పొద్దున 9:15కి షేరు 15 శాతం పైన తెరుచుకుంటే, మీరు 3 శాతం దగ్గర పెట్టిన స్టాప్‌లాస్‌కి ఆ మధ్యలో కొనే అవకాశమే రాదు. అది అమలయ్యేది 15 శాతం దగ్గర.

ఎవరు బలవంతపెడతారు: మార్జిన్ లెక్క

ఫ్యూచర్స్‌లో చూద్దాం, అంకెలు తేలిగ్గా ఉండేలా తీసుకుంటాను. రేటు 500, లాట్ 1,000 షేర్లు, ఒప్పందం విలువ 5 లక్షలు. పూచీగా ఖాతాలో ఉంచాల్సిన డబ్బు, అంటే మార్జిన్, 20 శాతం అనుకుంటే లక్ష కావాలి. మీ ఖాతాలో 1,25,000 ఉంది. అమ్మారు.

ఆ రోజు ముగింపు 540. షేరుకి 40 చొప్పున 40,000 ఆ రాత్రే ఖాతాలోంచి వెళ్ళిపోతుంది. దీన్నే మార్క్ టు మార్కెట్ అంటారు. కాగితం మీద నష్టం కాదిది, నిజంగా డెబిట్ అవుతుంది. మిగిలింది 85,000. ఇప్పుడు కావాల్సిన మార్జిన్ ఎంత? ఒప్పందం విలువ 5,40,000 అయింది, దాంట్లో 20 శాతం 1,08,000. నిన్నటి దాకా 25,000 అదనంగా ఉన్న ఖాతాలో ఇవాళ 23,000 తక్కువ. చేతిలో డబ్బు తగ్గింది, అడిగే డబ్బు పెరిగింది, రెండూ ఒక్క పెరుగుదలతోనే. షేరు కదిలింది 8 శాతం మాత్రమే. పైగా ఊగిసలాట పెరిగితే ఎక్స్ఛేంజ్ మార్జిన్ శాతాన్నే పెంచేస్తుంది, 20 కాస్తా 25 అయితే అదింకో దెబ్బ.

ఆ 23,000 గడువులోపు వేయకపోతే బ్రోకరు రిస్క్ విభాగం మీ పొజిషన్ కోసేస్తుంది. షార్ట్‌ని కోయడమంటే కొనడమే. రేటు ఖరీదుగా ఉందా, కంపెనీ బాగుందా అని వాళ్ళు చూడరు. తెరమీద ఎంత ఉంటే అంతకి మార్కెట్ ఆర్డర్ పెడతారు. ఆ కొనుగోలు రేటుని ఇంకాస్త పైకి నెడుతుంది, దాంతో 540 దగ్గర ఎలాగో తట్టుకున్న ఇంకొకడికి 552 దగ్గర మార్జిన్ తక్కువ పడుతుంది. అతన్నీ కోస్తారు. ఒకరి కొనుగోలు ఇంకొకరి కొనుగోలుకి కారణమవుతూ పోతుంది. దీంట్లో షేరుని ఇష్టపడి కొంటున్నవాడు ఒక్కడూ లేకపోవచ్చు.

బలవంతపెట్టే చెయ్యి మార్జిన్ ఒక్కటే కాదు. అమెరికాలో అప్పిచ్చినవాడు షేర్లు వెనక్కి అడగొచ్చు. వేరే చోట అప్పు దొరక్కపోతే బ్రోకరు కొనిపించి మరీ ఇప్పిస్తాడు. మన ఎస్‌ఎల్‌బీలో ఇచ్చినవాడు ముందే వెనక్కి అడిగితే, మిగిలిన గడువుకి ఇంకొకరి దగ్గర తెచ్చి అతనికి ఇచ్చే ప్రయత్నం జరుగుతుంది, తీసుకున్నవాడి గడువు మధ్యలో తెగదు. కాబట్టి మన దగ్గర ఆ ఒత్తిడి ముఖ్యంగా గడువు తేదీన, ఫ్యూచర్స్ ఎక్స్‌పైరీ దగ్గర కనిపిస్తుంది.

ఫోక్స్‌వ్యాగన్, 2008 అక్టోబరు

స్క్వీజ్ అర్థం కావాలంటే ఈ ఒక్కటి చాలు. కూడికలు, తీసివేతలు వస్తే సరిపోతుంది.

అప్పట్లో ఫోక్స్‌వ్యాగన్ మామూలు షేరు దాని విలువ కంటే ఎక్కువ పలుకుతోందని చాలా ఫండ్ల అభిప్రాయం. ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం, కార్లు కొనేవాళ్ళు లేరు. కొందరు ఓటు హక్కున్న మామూలు షేరుని షార్ట్ చేసి, అదే కంపెనీ ప్రిఫరెన్స్ షేరు కొనిపెట్టుకున్నారు, రెండింటి మధ్య తేడా తగ్గుతుందని. అంటే పిచ్చి పందెం కాసినవాళ్ళు కూడా కాదు, పద్ధతిగా హెడ్జ్ చేసుకున్నవాళ్ళే. కంపెనీ షేర్లలో దాదాపు 12 శాతం షార్ట్ అయి ఉన్నాయి. మామూలుగా చూస్తే అది భయపడాల్సిన అంకె కాదు.

అక్టోబరు 26, ఆదివారం. మరో కార్ల కంపెనీ పోర్షే ఒక ప్రకటన చేసింది: మా దగ్గర 42.6 శాతం షేర్లున్నాయి, ఇంకో 31.5 శాతానికి ఆప్షన్లున్నాయి. మొత్తం 74.1. జర్మనీలోని లోయర్ శాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో 20 శాతం పైచిలుకు ఉంది, వాళ్ళు అమ్మరు. కలిపితే 94 దాటింది. బజార్లో తిరుగుతున్నది 6 శాతం లోపే.

ఆ 31.5 శాతం నగదుతో తేల్చుకునే ఆప్షన్లు, అంటే పోర్షే చేతికి షేరు రాదు, రేటు తేడా డబ్బు వస్తుంది. మరి షేర్లెలా తగ్గాయి? ఆ ఆప్షన్లు అమ్మిన బ్యాంకులు తమని తాము కాపాడుకోవడానికి షేర్లు కొని పక్కన పెట్టుకుంటాయి. అవి పోర్షే పేరు మీద కనబడవు, బజార్లోకీ రావు. అందుకే ప్రకటన వచ్చేదాకా షార్ట్ చేసినవాళ్ళకి ఖాళీ అయిన గోదాము సంగతి తెలియలేదు.

తిరిగివ్వాల్సింది 12, దొరికేది 6. ఎవరు ఎంత డబ్బు పెట్టినా అందరూ బయటపడటం ఆ పూటకి సాధ్యం కాని లెక్క. శుక్రవారం 210 యూరోల దగ్గర ముగిసిన షేరు మంగళవారం 1,000 యూరోలు దాటింది. కాసేపు మార్కెట్ విలువలో ప్రపంచంలోనే అతి పెద్ద కంపెనీ అయి కూర్చుంది. మర్నాడు పోర్షే తన పొజిషన్లలో 5 శాతం దాకా వదులుతానంది, రేటు కూలింది.

షార్ట్ చేసినవాళ్ళు కంపెనీ విలువ గురించి తప్పు చేయలేదని నా అభిప్రాయం. తప్పింది సరుకు లెక్క. షార్ట్ ఎంత ఉందన్న అంకెని కంపెనీ మొత్తం షేర్లతో కాకుండా, నిజంగా అమ్మకానికి దొరికే షేర్లతో పోల్చాలి. అలా చూస్తే ఆ 12 శాతం కాస్తా 200 శాతం అవుతుంది.

2021 జనవరిలో గేమ్‌స్టాప్ దగ్గర ఈ అంకె పైకే కనబడింది. అమ్మకానికి తిరిగే షేర్లలో 140 శాతం దాకా షార్ట్ ఉంది. ఉన్నవాటికంటే ఎక్కువ ఎలా అమ్ముతారని చాలామంది మోసం అనుకున్నారు. ఒకడు అప్పిచ్చిన షేరుని ఇంకొకడు అమ్ముతాడు, కొన్నవాడి బ్రోకరు దాన్నే మళ్ళీ అప్పిస్తాడు. ఒక్క షేరు రెండు బాకీలు మోస్తుంది. జనవరి మొదట్లో 20 డాలర్ల లోపున్న రేటు 28న ఒక దశలో 483కి వెళ్ళింది. దాన్ని షార్ట్ చేసిన మెల్విన్ క్యాపిటల్ అనే ఫండ్ ఆ ఒక్క నెలలో 53 శాతం పోగొట్టుకుంది, మరుసటి ఏడు మూసేసింది.

మన దగ్గర: సర్క్యూట్‌లో ఇరుక్కున్న ఇంట్రాడే

ఇప్పుడు మీలాంటివాళ్ళకి నిజంగా తగిలే సంగతి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్న షేర్లకి స్థిరమైన సర్క్యూట్ ఉండదు, రేటు పరిధి సడలుతూ పోతుంది. మిగతా షేర్లకి రోజుకి 2, 5, 10, 20 శాతాల్లో ఏదో ఒక హద్దు ఉంటుంది.

నిన్నటి ముగింపు 180, హద్దు 10 శాతం. అంటే ఇవాళ అప్పర్ సర్క్యూట్ 198. పొద్దున 184 దగ్గర 500 షేర్లు ఇంట్రాడేలో అమ్మారు, 180కి వస్తే కొనేద్దామని. ఆశ 2,000 రూపాయల లాభం. మధ్యాహ్నం రెండింటికి ఏదో ఆర్డర్ వార్త, షేరు 198కి కొట్టుకుంది. కొనే, అమ్మే ఆర్డర్లు చూపించే మార్కెట్ డెప్త్ తెరిచి చూడండి: ఎడమవైపు 198 దగ్గర లక్షల షేర్లకి కొనేవాళ్ళు, కుడివైపు అమ్మేవాళ్ళ గడుల్లో అన్నీ సున్నాలు. మీ స్టాప్‌లాస్ ట్రిగ్గర్ అయింది, కానీ అమలు కాలేదు. ఆ లైన్లో చివర నిలబడింది. 3:20 ప్రాంతంలో ఇంట్రాడే పొజిషన్లని మూసేయడానికి బ్రోకరు పెట్టే ఆటో స్క్వేర్ ఆఫ్ ఆర్డర్ కూడా అదే లైన్లోకి వెళ్తుంది. 3:30కి మార్కెట్ మూసింది. మీరు కొననే లేదు.

ఇక మీరు 500 షేర్లు డెలివరీ ఇవ్వాలి, డీమ్యాట్‌లో ఒక్కటీ లేదు. దీన్ని షార్ట్ డెలివరీ అంటారు. మర్నాడు ఎక్స్ఛేంజ్ మీ తరఫున వేలం పెడుతుంది. వేలంలో అమ్మేవాళ్ళకి తెలుసు ఇది తప్పనిసరి గిరాకీ అని, అందుకే ఊరికే తక్కువకి ఇవ్వరు. 215కి దొరికాయనుకుంటే షేరుకి 31 చొప్పున 15,500 నష్టం, పైన పెనాల్టీ, ఛార్జీలు. వేలంలోనూ ఎవరూ రాకపోతే క్లోజ్ అవుట్. అంటే షేర్లకి బదులు డబ్బుతో తేల్చడం. ఆ రేటు ఎలా కడతారంటే, మీరు అమ్మిన రోజు నుంచి వేలం రోజు వరకు పలికిన అత్యధిక రేటు, లేదా ముగింపు ధరకి 20 శాతం పైన, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ముగింపు 198 అనే లెక్కేసినా 237.60. షేరుకి 53.60, మొత్తం 26,800. మర్నాడు కూడా సర్క్యూటే తగిలితే ఇంకా ఎక్కువ. 2,000 కోసం ఒప్పుకున్న రిస్క్ ఇది.

పైన వార్త మంచిదా, పుకారా అన్నది ఇక్కడ అనవసరం. మూడో రోజు షేరు మళ్ళీ 170కి పడినా మీ లెక్క మారదు, వేలం అయిపోయింది.

సర్క్యూట్ తగిలేలోపు గమనించడానికి ఒక గుర్తుంది. షేరు హద్దుకి రెండు మూడు శాతం దూరంలోకి వచ్చి, అమ్మేవైపు మొత్తం పరిమాణం నిమిషానికోసారి సగమవుతుంటే అప్పుడే నష్టానికైనా కొనేయండి. ఇంకా కుడివైపు షేర్లు కనబడుతున్నప్పుడే కొనగలరు. ఒకవేళ ఇరుక్కున్నా, మీ కుటుంబంలో ఇంకెవరి డీమ్యాట్‌లోనైనా అవే షేర్లుంటే సమయంలోగా ఆఫ్ మార్కెట్ బదిలీతో తెచ్చి డెలివరీ ఇచ్చే దారి ఉంది. వెంటనే బ్రోకరుకి ఫోన్ చేసి కటాఫ్ సమయం అడగండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

ముందే ఎలా పసిగట్టాలి

అమెరికా షేర్లకి షార్ట్ ఇంట్రెస్ట్, అంటే ఎన్ని షేర్లు షార్ట్‌లో ఉన్నాయన్న అంకె, నెలకి రెండుసార్లు ప్రకటిస్తారు. దాన్ని రోజువారీ సగటు ట్రేడింగ్‌తో భాగిస్తే అందరూ బయటపడటానికి ఎన్ని రోజులు పడుతుందో వస్తుంది. 60 లక్షల షేర్లు షార్ట్, రోజుకి 10 లక్షలు చేతులు మారతాయంటే ఆరు రోజులు. ఒకటి రెండు రోజులైతే తలుపు వెడల్పుగా ఉన్నట్టు. ఏడెనిమిది దాటితే నేను దగ్గరికి పోవద్దనే చెప్తాను.

మన దగ్గర అంత సూటి అంకె లేదు, పరోక్షంగా చూడాలి. ఫ్యూచర్ రేటు మామూలుగా క్యాష్ రేటు, అంటే అసలు షేరు రేటు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. డివిడెండ్ కారణం లేకుండానే ఫ్యూచర్ కిందికి, డిస్కౌంట్‌లోకి వెళ్ళి రోజుల తరబడి అక్కడే ఉంటే అమ్మేవాళ్ళు కిక్కిరిసి ఉన్నారని అర్థం. మామూలప్పుడు క్యాష్‌లో అప్పు షేర్లు అమ్మి ఫ్యూచర్ కొని ఆ తేడాని తినేసేవాళ్ళు ఉంటారు. తేడా అలాగే మిగిలిందంటే అప్పుకి షేర్లు దొరకట్లేదన్నమాట. అదే షేరుకి ఎస్‌ఎల్‌బీ అద్దె కూడా పెరిగి ఉంటే అనుమానం తీరినట్టే. ఇంకా తేలని ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాల మొత్తం, అంటే ఓపెన్ ఇంట్రెస్ట్, మార్కెట్ మొత్తం పరిమితిలో 95 శాతం దాటి షేరు బ్యాన్‌లోకి వెళ్ళిందా అన్నది కూడా చూడండి. బ్యాన్‌లో ఉన్నప్పుడు పొజిషన్లు తగ్గించుకోవడానికే వీలు. ఫ్యూచర్స్‌లో కొత్తగా ఎవరూ అమ్మలేరు, ఇరుక్కున్న షార్ట్‌లు మాత్రం కొనాలి.

పడుతుందన్న నమ్మకం ఉంటే

నష్టానికి నిజమైన హద్దు కావాలంటే పుట్ ఆప్షన్, అంటే గడువులో ఫలానా రేటుకి షేరు అమ్మే హక్కు, కొనడమే. కట్టిన ప్రీమియం పోతుంది, అంతకు మించి పోదు, రేటు మూడింతలైనా సరే. దాని కష్టాలు దానికున్నాయి. గడువు లోపలే పడాలి, నిదానంగా పడితే ప్రీమియం కరిగిపోతుంది, అందరూ భయపడుతున్న షేరుకి పుట్ ముందే ఖరీదై కూర్చుంటుంది. ఇంకోటి జాగ్రత్త: స్టాక్ పుట్ లాభంలో ఉందని ఎక్స్‌పైరీ దాకా వదిలేస్తే అదీ డెలివరీకి వెళ్తుంది. షేర్లు మీరే ఇవ్వాలి. లేకపోతే మళ్ళీ అదే వేలం. కాబట్టి స్టాక్ పుట్‌ని ఎక్స్‌పైరీకి ఒకటి రెండు రోజుల ముందే అమ్మేసి బయటికి రండి. ఎక్స్‌పైరీ వారంలో బ్రోకర్లు డెలివరీ మార్జిన్ కూడా అడగడం మొదలుపెడతారు.

ఇంట్రాడేలోనే షార్ట్ చేయాలనుకుంటే ఫ్యూచర్స్ ఉన్న షేర్లకే పరిమితం కండి, సర్క్యూట్‌లో తలుపు పూర్తిగా మూసుకుపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. చాలా యాప్‌లలో ఇంట్రాడే ఆర్డర్‌కి పేరైన `MIS` అని ఉన్న చోటే ముందు అమ్మడం కుదురుతుంది. డెలివరీ ఆర్డర్ అయిన `CNC` లో మీ దగ్గర లేని షేరు అమ్మబోతే ఆర్డర్ తిరస్కరిస్తారు. నిన్న కొని ఇంకా డీమ్యాట్‌లోకి రాని షేర్లని ఇవాళ అమ్మితే, మీకు అమ్మినవాడు డెలివరీ ఎగ్గొట్టిన రోజున షార్ట్ చేసే ఉద్దేశమే లేకుండా మీరు కూడా వేలంలోకి వెళ్ళొచ్చు. సర్క్యూట్‌లు కొడుతున్న చిన్న షేర్లలో అది ఎక్కువ, కాబట్టి వాటిలో షేర్లు ఖాతాలో కనబడ్డాకే అమ్మకం పెట్టండి.